వర్క్ ఫ్రమ్ హోమ్ పాలసీ మెయిల్: ఎవరికి, ఎవరి అనుమతితో, ఏ సామానుతో

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 160 మంది ఉన్న కంపెనీ. వైద్య పరికరాలు అమ్ముతాం, రిపేర్ చేస్తాం. సాఫ్ట్‌వేర్ టీమ్, కస్టమర్ సపోర్ట్, అకౌంట్స్, వర్క్‌షాప్, స్టోర్స్ అన్నీ ఒకే చోట ఉన్నాయి. వారానికి 2 రోజులు ఇంటి నుంచి పని చేయడానికి మా ఎండీ గారు ఒప్పుకున్నారు. వచ్చే నెల 1 నుంచి మొదలు. అందరికీ వెళ్లే మెయిల్ నేనే రాయాలి. ఎవరికి వర్తిస్తుంది, అనుమతి ఎలా తీసుకోవాలి, లాప్‌టాప్, నెట్, కుర్చీ లాంటివి ఎవరు ఇస్తారు అన్నది గొడవలు రాకుండా ఎలా చెప్పాలి? హెచ్ఆర్‌లో నాకు మూడేళ్ల అనుభవమే, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మెయిల్ రాయడం ఇప్పుడే మొదలుపెట్టకండి. ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. అందులో మనుషుల పేర్లు వద్దు, పనుల పేర్లు రాయండి. నేను 17 ఏళ్లుగా హెచ్ఆర్‌లో ఉన్నాను, ఇలాంటి పాలసీలు మూడు కంపెనీల్లో రాశాను. మొదటిసారి రాసింది నాలుగో రోజుకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కారణం అందులో రాసిన ఒక్క వాక్యం.

ఆ వాక్యం ఇది: "అర్హులైన ఉద్యోగులందరూ తమ మేనేజర్ విచక్షణ మేరకు వారానికి 2 రోజులు ఇంటి నుంచి పని చేయవచ్చు." శుక్రవారం సాయంత్రం 6 గంటలకు పంపాను. సోమవారం నేను బ్యాగ్ కింద పెట్టేలోపే డిస్పాచ్‌లో పనిచేసే ఒకాయన నా టేబుల్ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో మెయిల్ ప్రింట్ ఉంది. 'ఉద్యోగులందరూ' అన్న మాట కింద నీలం పెన్నుతో గీత గీసి ఉంది. "నేనూ ఉద్యోగినే కదా మేడమ్?" అని నెమ్మదిగా అడిగాడు. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్నేమో. ఆయన అడిగిన తీరుకు నా దగ్గర జవాబు లేదు. అదే రోజు మధ్యాహ్నానికి ఒక టీమ్ లీడ్ తన 11 మందికీ అనుమతి ఇచ్చేశాడు. పక్క టీమ్ లీడ్ ఒక్కరికీ ఇవ్వలేదు. రెండు టీమ్‌లదీ ఒకే పని, కూర్చునేదీ ఒకే వరుసలో. గురువారం నాటికి పాలసీని 'తాత్కాలికంగా నిలిపివేస్తున్నాం' అని ఇంకో మెయిల్ పంపాం.

'అర్హులైన', 'విచక్షణ' అన్న రెండు మాటలు ఏమీ చెప్పవని అప్పుడు అర్థమైంది. మెయిల్ చదివేవాళ్ల మనసులో ఉండే ప్రశ్నలు నాలుగే: నాకు వర్తిస్తుందా, ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో తేలుతుంది, నాకు ఏమి ఇస్తారు. ఈ నాలుగూ మళ్లీ ఎవరినీ అడగకుండానే తెలిసిపోవాలి. ఒక్కొక్కటీ చెప్తాను.

అర్హత సంగతి. అర్హతను మనిషికి కట్టొద్దు, పనికి కట్టండి. షీట్‌లో ప్రతి పని ఎదురుగా మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ పనికి ఆఫీసులో ఉన్న వస్తువును చేత్తో ముట్టుకోవాలా? ఈ డేటా ఆఫీసు బయటకు వెళ్లడానికి కస్టమర్‌తో ఉన్న ఒప్పందం ఒప్పుకుంటుందా? ఈ మనిషి ఆఫీసులో లేకపోతే ఇంకెవరి పనైనా ఆగుతుందా?

అకౌంట్స్ తీసుకుంటే ఇది ఎందుకు అవసరమో తెలుస్తుంది. పైనుంచి చూస్తే అకౌంట్స్ అంతా కంప్యూటర్ పనే, ఇంటి నుంచి చేసుకోవచ్చు అనిపిస్తుంది. నేను చూసిన ఆరుగురి టీమ్‌లో బిల్లుల ఎంట్రీ, బ్యాంక్ లెక్క సరిచూడటం, జీతాల పట్టీ, జీఎస్టీ రిటర్నులు అన్నీ ఇంటి నుంచి అయ్యేవే. కానీ సప్లయర్ల కాగితం బిల్లులు రోజూ పొద్దున స్టోర్స్ నుంచి వస్తాయి. చెక్కులు బీరువాలో ఉంటాయి. రిటర్ను దాఖలు చేయడానికి పెట్టే డిజిటల్ సంతకం టోకెన్ ఒక్కటే, అదీ అదే బీరువాలో ఉంటుంది. నెలవారీ దాఖలు చేసే కంపెనీకి 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ గడువులు. ఆ రోజు టోకెన్ దగ్గర మనిషి లేకపోతే ఆలస్య రుసుము పడుతుంది. అందుకని మేం "అకౌంట్స్‌కు అర్హత ఉంది, అయితే ఏ రోజైనా కనీసం ఇద్దరు ఆఫీసులో ఉండాలి, 11, 20 తేదీల్లో రిటర్ను చూసేవారు తప్పనిసరిగా రావాలి" అని రాశాం. 'అర్హత ఉంది', 'లేదు' అని రెండు ముక్కల్లో తేల్చి ఉంటే రెండూ తప్పయ్యేవి.

మీ దగ్గర సాఫ్ట్‌వేర్ టీమ్‌లోనూ ఇలాంటి చీలిక ఉండి తీరుతుంది. పరికరం బోర్డు మీద ప్రోగ్రామ్ ఎక్కించి పరీక్షించేవాళ్లకు ల్యాబ్ కావాలి. వెబ్ పోర్టల్ చూసేవాళ్లకు అక్కర్లేదు. ఇద్దరి హోదా పేరు ఒకటే అయి ఉంటుంది. హోదా చూసి అర్హత ఇస్తే ల్యాబ్ ఖాళీ అవుతుంది.

కస్టమర్ ఒప్పందం గురించిన రెండో ప్రశ్నను మాత్రం మీరొక్కరే కూర్చుని తేల్చకండి. ఆసుపత్రులతో సర్వీస్ ఒప్పందాలు ఉంటాయి కదా, వాటిలో రోగుల సమాచారం మీ ఆఫీసు నెట్‌వర్క్ దాటకూడదన్న షరతు ఉండొచ్చు. లీగల్ చూసేవారితో ఆ ఒప్పందాలు ముందే చదివించండి. మెయిల్ వెళ్లాక ఇది బయటపడితే, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఇవ్వకపోవడం కన్నా ఇచ్చి లాక్కోవడమే మనుషులకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. మీ ఆఫీసు ఎస్ఈజెడ్‌లో ఉంటే ఇంకో జాగ్రత్త అవసరం. ఎస్ఈజెడ్ నిబంధనల్లో ఇంటి నుంచి పని గురించి 2022 జులైలో 43ఏ అన్న నిబంధన చేర్చారు. తర్వాత దాన్ని సవరించారు కూడా. సుంకం లేకుండా తెచ్చిన లాప్‌టాప్ గేటు దాటాలంటే దాని ప్రకారమే దాటాలి. ఇప్పుడు అమల్లో ఉన్న ప్రతిని మీ కంప్లయన్స్ వాళ్ల దగ్గర చూడండి.

పనుల తర్వాత మనిషికి సంబంధించిన షరతులు రెండో మూడో చాలు. కొత్తగా చేరినవారికి మొదటి 3 నెలలు వద్దని నా అభిప్రాయం. చాలామంది 6 నెలలు, ఏడాది పెడతారు. పని నేర్చుకోవడానికి పక్కన మనిషి కావాల్సింది మొదటి మూడు నెలలే, ఆ తర్వాత కారణం చెప్పలేం. ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చే మహిళల సంగతి విడిగా రాయండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి వచ్చిన సవరణలో, పని స్వభావం అనుకూలిస్తే సెలవు తర్వాత యజమాని, ఉద్యోగి ఇద్దరూ మాట్లాడుకున్న షరతులతో ఇంటి నుంచి పని ఇవ్వవచ్చని ఉంది. సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట కొనసాగింది. అంటే మీ 2 రోజుల పరిమితి వాళ్లకు అడ్డు కాకూడదు.

'ఇల్లు' అంటే ఏమిటో కూడా ఒక వాక్యంలో చెప్పేయాలి. చెప్పకపోతే మొదటి పండక్కే ఈ ప్రశ్న వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి, అక్కడి నుంచే ఇంకో వారం పని చేస్తానంటారు. మేం "కంపెనీ రికార్డుల్లో ఉన్న చిరునామా, లేదా ముందే తెలియజేసిన సొంత ఊరి చిరునామా, ఏడాదికి 10 పనిదినాల వరకు" అని పెట్టాం. విదేశం నుంచి పని మాత్రం కుదరదని స్పష్టంగా రాయండి. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లి అక్కడి నుంచి లాగిన్ అవుతానని అడిగేవాళ్లు మన దగ్గర ఎక్కువే. వీసా, పన్ను, కస్టమర్ డేటా మూడూ అడ్డొస్తాయి. ఇంకొకటి: సర్వీస్ ఇంజినీర్ ఇంటి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లడం వర్క్ ఫ్రమ్ హోమ్ కాదు, ఫీల్డ్ డ్యూటీ. ఇది రాయకపోతే హాజరు పట్టీలో రెండూ కలిసిపోతాయి.

ఇక అనుమతి. ఇక్కడ మీరు నిర్ణయించాల్సిన అసలు విషయం గడువు. ఎన్ని మెట్లు పెట్టారన్నది దాని తర్వాతే. మేం పెట్టిన దారి ఇలా ఉండేది. ఉద్యోగి హాజరు, సెలవులు పెట్టే పోర్టల్‌లోనే ఒక ఫారం నింపుతారు. ఏ రెండు రోజులు, ఏ చిరునామా, నెట్ కనెక్షన్ ఉందా, లాప్‌టాప్ ఉందా అన్న నాలుగు గడులే. మేనేజర్ 3 పనిదినాల్లో తేల్చాలి. ఆయన ఒప్పుకుంటే ఐటీ వాళ్లు 2 పనిదినాల్లో లాప్‌టాప్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్, వీపీఎన్, యాంటీవైరస్ చూస్తారు. తర్వాత హెచ్ఆర్ నుంచి ఖరారు మెయిల్ వెళ్తుంది. మొత్తం 5 పనిదినాలు.

మేనేజర్ మూడు రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఏమవుతుంది? చాలా పాలసీల్లో దీనికి జవాబు ఉండదు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. 'మౌనం అంటే అంగీకారం' అని పెట్టొద్దు. మేనేజర్ సెలవులో ఉంటే చూడకుండానే అనుమతి వెళ్లిపోతుంది. నాలుగో రోజు అభ్యర్థన దానంతట అదే పై అధికారికి వెళ్లేలా పెట్టండి. నేను పనిచేసిన చోట, అభ్యర్థన పైకి వెళ్తుందని తెలిశాక మేనేజర్లు రెండో రోజే తేల్చడం మొదలుపెట్టారు.

కాదనే హక్కు మేనేజర్‌కు ఉండాలి, కానీ కారణం రాసి కాదనాలి. మేం నాలుగు కారణాలే ఇచ్చాం: పనికి ఆఫీసులోని వస్తువు కావాలి, కస్టమర్ ఒప్పందం ఒప్పుకోదు, ఆ రోజు టీమ్‌లో కనీస సంఖ్య మిగలదు, పనితీరు మెరుగుపరిచే ప్రణాళికలో ఉన్నారు. వీటిలో ఒకటి ఎంచుకుని రెండు వాక్యాలు రాయాలి. మూడో కారణమైతే 'కాదు' అని వదిలేయకుండా వేరే రోజు సూచించాలి. ఉద్యోగికి నచ్చకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్‌ను ఒక్కసారి అడగొచ్చు, ఆయన మాటే చివరిది. ఎండీ గారి దాకా వెళ్లే దారి పాలసీలో పెట్టకండి. పెడితే పాత పరిచయం ఉన్నవాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు.

వారానికి రెండు రోజులన్న ఏర్పాటు వేరు, అప్పటికప్పుడు వచ్చే అవసరం వేరు. పిల్లకు జ్వరం, ఇంటికి ప్లంబర్ వస్తాడు, అలాంటివి. వీటికి ఐదు రోజుల దారి పనికిరాదు. ఉదయం 9 లోపు మేనేజర్‌కు మెసేజ్, ఆయన సరే అంటే చాలు, నెలకు 2 సార్లు అని పెట్టండి. భారీ వర్షాలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు ఇంటి నుంచి పని చేయించమని సూచన ఇస్తుంటారు కదా, అలాంటి రోజు ఎవరి లెక్కలోకీ రాదని కూడా ఒక ముక్క రాయండి.

సామాను విషయానికి వస్తే, మెయిల్ తేదీ ఖరారు చేసే ముందు ఐటీ వాళ్ల దగ్గర ఉన్న లెక్క తీసుకోండి. మేం చేసిన చోట 74 మందికి అర్హత తేలింది. వాళ్లలో 46 మందికే లాప్‌టాప్‌లు ఉన్నాయి, మిగతా 28 మందివి డెస్క్‌టాప్‌లు. ఒక్కోటి 55,000 అనుకుంటే 28 లాప్‌టాప్‌లకు 15,40,000 రూపాయలు. ఈ అంకె ఎండీ గారి ముందు మెయిల్‌కు ముందే పెట్టాలి, తర్వాత కాదు. మేం రెండు విడతలు చేశాం: లాప్‌టాప్ ఉన్నవాళ్లకు 1వ తేదీ నుంచి, మిగతావాళ్లకు 6 వారాల్లోపు. రెండో విడత తేదీని మొదటి మెయిల్‌లోనే రాశాం. తేదీ లేకుండా 'దశలవారీగా' అని రాస్తే, ఆ 28 మందీ తమను పక్కన పెట్టేశారనే అనుకుంటారు.

సొంత లాప్‌టాప్‌లో చేసుకోమని చెప్పొద్దు. డబ్బు మిగులుతుందని ఎవరో ఒకరు సూచిస్తారు. ఇంట్లో పిల్లలు ఆటలాడే కంప్యూటర్‌లో ఆసుపత్రి డేటా ఉంటుంది. ఆ మనిషి ఉద్యోగం మానేసిన రోజు దాన్ని తుడిచేయడానికి మీకు హక్కు ఉండదు.

లాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఒక పేజీ ఫారం చాలు. మోడల్, సీరియల్ నంబర్, ఛార్జర్, మౌస్, హెడ్‌సెట్, ఇచ్చిన తేదీ, అప్పుడు ఉన్న గీతలు, సొట్టలు, ఇద్దరి సంతకాలు. ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసి జతచేయండి. ఉద్యోగం మానేస్తే చివరి పనిదినానికి తిరిగి ఇవ్వాలి, సొంత ఊళ్లో ఉండి పంపితే కొరియర్ ఖర్చు కంపెనీదే. పాడైతే జీతంలో కోస్తామని ఒక్క ముక్కలో రాసేయకండి. అప్పగించిన వస్తువు ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పోయినా పాడైనా కోత వేయొచ్చు. కానీ ముందు ఆ ఉద్యోగికి తన వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని వేతనాల చట్టం చెబుతోంది. మామూలుగా వాడితే వచ్చే అరుగుదలకు కోత ఉండదని పాలసీలోనే రాస్తే నమ్మకం కుదురుతుంది.

నెట్ ఖర్చుకు నెలకు ఒక పరిమితి పెట్టండి. రెండు రోజులే కాబట్టి మేం 500 అని పెట్టాం, బిల్లు చూపిస్తే ఇచ్చేవాళ్లం. మొదటి నెలలోనే సగం బిల్లులు అకౌంట్స్ వాళ్లు తిప్పి పంపారు. కనెక్షన్ నాన్న పేరు మీదో, అత్తగారి పేరు మీదో, ఇంటి ఓనర్ పేరు మీదో ఉంటుంది. కొన్ని కాలనీల్లో లోకల్ కేబుల్ ఆయన ఇచ్చేది చేత్తో రాసిన రసీదే. పాలసీలో 'ఉద్యోగి పేరు మీద బిల్లు' అని ఉంది, అకౌంట్స్ వాళ్ల తప్పు కాదు. తర్వాత "కుటుంబ సభ్యుల పేరు మీద ఉన్నా, చిరునామా ఒకటే అయితే, ఉద్యోగి సంతకంతో సరిపోతుంది" అని మార్చాం. మీరు మొదట్లోనే అకౌంట్స్ హెడ్‌ను కూర్చోబెట్టి ఏ రసీదు ఒప్పుకుంటారో రాయించండి.

కుర్చీ గురించి కాస్త జాగ్రత్తగా ఉండాలి. కంపెనీ లాప్‌టాప్ ఇంట్లో వాడుకోవడానికి ఇస్తే దాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కగట్టరు. ఆదాయపు పన్ను నిబంధనల్లో కంప్యూటర్లకూ లాప్‌టాప్‌లకూ ఆ మినహాయింపు ఉంటూ వస్తోంది. కుర్చీ, టేబుల్‌కు అది లేదు. కంపెనీ సొత్తుగానే ఉంచి ఉద్యోగి వాడకానికి ఇస్తే, ఖరీదులో ఏడాదికి 10 శాతం ఉద్యోగికి అందిన సౌకర్యంగా చూసే పద్ధతి ఉంది. 8,000 కుర్చీకి ఏడాదికి 800. చిన్న మొత్తమే, కానీ ఫారం 16లో కనిపించగానే ఫోన్లు వస్తాయి. డబ్బు రూపంలో ఇస్తే మొత్తం జీతంలో కలిసి పన్ను పడుతుంది. మీ సీఏ గారిని అడిగి ఏదో ఒక దారి ఎంచుకోండి. డబ్బు ఇచ్చేటట్లయితే "6,000 రూపాయలు, వర్తించే పన్ను పోను" అని రాయండి. ఆ చివరి మూడు మాటలు లేకపోతే, చేతికి 6,000 రాలేదని అడుగుతారు. అడగడం న్యాయమే.

నా మాటగా ఇంకొకటి: కుర్చీ కన్నా ముందు రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఇవ్వండి. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఆగేది రౌటరే. ఇన్వర్టర్ లేని ఇళ్లు చాలా ఉంటాయి. 12 వోల్టుల చిన్న యూపీఎస్ రెండు వేల లోపు దొరుకుతుంది, రౌటర్‌ను కొన్ని గంటలు నిలబెడుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూడమనండి. సపోర్ట్ టీమ్‌లో కాల్ మధ్యలో తెగిపోయిందన్న ఫిర్యాదులు మా దగ్గర దీనితోనే తగ్గాయి.

ఇప్పుడు చెప్పే వరుస. మెయిల్ ముందు వెళ్లి మేనేజర్లు తర్వాత తెలుసుకుంటే, మొదటి రోజు వచ్చే ప్రశ్నలకు వాళ్లు "నాకూ ఇప్పుడే తెలిసింది" అంటారు. పాలసీ విలువ అక్కడే పోతుంది. మంగళవారం మేనేజర్లను 45 నిమిషాలు కూర్చోబెట్టండి. స్లైడ్లు వద్దు. నాలుగైదు అభ్యర్థనలు కల్పించి చేతికివ్వండి: టీమ్‌లో ఐదుగురూ శుక్రవారమే అడిగారు, ఒకరు రెండో నెలలోనే అడిగారు, ఒకరి ఇంట్లో నెట్ లేదు. ఒక్కొక్కరూ ఏ జవాబు రాస్తారో చూడండి. జవాబులు వేర్వేరుగా వచ్చిన చోట మీ పాలసీ వాక్యం సరిగా లేదన్నమాట. ఆ రాత్రి దాన్ని సరిచేయండి.

బుధవారం పొద్దున వర్క్‌షాప్, స్టోర్స్, డిస్పాచ్ వాళ్లతో ఎండీ గారు స్వయంగా మాట్లాడాలి, మెయిల్ కన్నా ముందు. ఇది దయచేసి వదలొద్దు. వాళ్లకు ఇది వర్తించదన్న సంగతి వాళ్లు ఇంకొకరి ఫోన్‌లో చదవకూడదు. తెలుగులో, ముఖాముఖి, పది నిమిషాలు చాలు. పని అక్కడే ఉన్న యంత్రంతో కాబట్టి కుదరదని నేరుగా చెప్పండి. 'మీరే కంపెనీకి వెన్నెముక' లాంటి మాటలు వాడొద్దు, అవి మనుషులను ఇంకా చిన్నబుచ్చుతాయి. ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే అది చెప్పండి. మా దగ్గర షిఫ్ట్ ఒకరితో ఒకరు మార్చుకునే వీలు, నెలకు రెండుసార్లు 2 గంటలు ముందు వెళ్లే అనుమతి ఇచ్చాం. రిపోర్టులు రాసే సూపర్‌వైజర్లకు నెలలో ఒక రోజు ఇంటి నుంచి రాసుకునే వీలు కూడా అప్పుడే తేలింది. అదీ వాళ్లే అడిగితే వచ్చింది, మా షీట్‌లో లేదు.

ఆ తర్వాత 11 గంటలకు మెయిల్. మీ ఆఫీసులో ఇంగ్లిష్‌లో పంపుతారేమో, అయినా విషయం ఇలా ఉండనివ్వండి:

"వచ్చే నెల 1వ తేదీ నుంచి, కింద చెప్పిన పనుల్లో ఉన్నవారు వారానికి 2 రోజుల వరకు ఇంటి నుంచి పని చేయవచ్చు.

ఎవరికి: వెబ్ పోర్టల్ అభివృద్ధి, పరీక్ష; ఫోన్, ఈమెయిల్ సపోర్ట్; అకౌంట్స్ (రోజుకు కనీసం ఇద్దరు ఆఫీసులో ఉండే షరతుతో); హెచ్ఆర్‌లో జీతాలు, నియామకాలు. ఉద్యోగంలో చేరి 3 నెలలు పూర్తయి ఉండాలి. ల్యాబ్, వర్క్‌షాప్, స్టోర్స్, డిస్పాచ్, రిసెప్షన్ పనులకు ఇది వర్తించదు. ఆ పనులకు ఆఫీసులో ఉన్న పరికరాలూ సరుకూ కావాలి కాబట్టి ఈ నిర్ణయం తీసుకున్నాం. మీ పని ఏ వరుసలోకి వస్తుందో జతచేసిన పట్టికలో చూడవచ్చు.

ఎలా: పోర్టల్‌లో 'వర్క్ ఫ్రమ్ హోమ్ అభ్యర్థన' నింపండి. మీ మేనేజర్ 3 పనిదినాల్లో జవాబు ఇస్తారు. ఇవ్వకపోతే అభ్యర్థన పై అధికారికి వెళ్తుంది. ఐటీ పరిశీలనకు 2 పనిదినాలు. హెచ్ఆర్ నుంచి ఖరారు మెయిల్ వచ్చాకే మొదలుపెట్టండి. కాదంటే కారణం రాతపూర్వకంగా వస్తుంది. మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌ను ఒకసారి పునఃపరిశీలన కోరవచ్చు.

ఏమి ఇస్తాం: కంపెనీ లాప్‌టాప్, హెడ్‌సెట్, రౌటర్ యూపీఎస్. నెట్ ఖర్చుకు నెలకు 500 రూపాయల వరకు, బిల్లు లేదా రసీదు మీద. ఇప్పుడు డెస్క్‌టాప్ వాడుతున్నవారికి వచ్చే నెల 1 నుంచి 6 వారాల్లోపు లాప్‌టాప్ అందుతుంది. అభ్యర్థన మాత్రం ఇప్పుడే పెట్టవచ్చు. సొంత కంప్యూటర్‌లో ఆఫీసు పని చేయకండి.

జీతం, సెలవులు, పని గంటలు ఏవీ మారవు. గురువారం 4 గంటలకు కాన్ఫరెన్స్ హాల్లో ప్రశ్నలకు జవాబు చెప్తాం. 90 రోజుల తర్వాత ఈ పాలసీని సమీక్షించి మార్పులుంటే 15 రోజులు ముందుగా తెలియజేస్తాం."

ఇంతే, ఒక ఫోన్ తెరలో రెండుసార్లు జరిపితే అయిపోవాలి. మిగతా వివరాలన్నీ జతచేసిన పాలసీ పత్రంలో ఉంటాయి. ఆ పత్రం మొదటి పేజీలో వెర్షన్ నంబర్, అమలు తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత ఎవరో పాత పీడీఎఫ్ పట్టుకుని వస్తే తేల్చేది అదే.

'వర్తించదు' అన్న వాక్యం మెయిల్‌లో పెట్టడానికి మీ ఎండీ గారు జంకవచ్చు. 'వాళ్లు బాధపడతారు, పట్టికలో ఉంటే చాలు' అంటారు. ఉండాల్సిందేనని గట్టిగా చెప్పండి. తనకు వర్తిస్తుందో లేదో తెలియక మేనేజర్ చుట్టూ మూడు రోజులు తిరిగి, చివరికి లేదని తెలుసుకోవడం కన్నా మొదటే తెలియడం మేలు.

మొదటి నెలలో మీరు చూడాల్సినవి రెండు. ఒకటి, సోమ, శుక్రవారాల్లో ఆఫీసులో ఎంతమంది ఉన్నారు. అందరూ ఆ రెండే ఎంచుకుంటారు, అది సహజం. సోమవారం ఆఫీసు బోసిపోతే టీమ్‌లోనే వంతులు వేసుకోమనండి, రోజులు మీరు పైనుంచి నిర్ణయించొద్దు. రెండోది, కాదన్న అభ్యర్థనలు ఎవరి దగ్గర పోగవుతున్నాయి. ఒకే మేనేజర్ దగ్గర పోగయితే, ఆయన రాసిన కారణాలు చదివి విడిగా కూర్చుని మాట్లాడండి. మా దగ్గర అలాంటి ఒకాయన 9 అభ్యర్థనల్లో 8 కాదన్నాడు. అడిగితే, తన టీమ్ పని ఎవరు ఎంత చేశారో తెలుసుకునే పద్ధతే తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. కళ్లెదుట కూర్చుంటేనే పని జరుగుతున్నట్టు లెక్క. రోజూ 15 నిమిషాల స్టాండప్, ఒక టాస్క్ బోర్డు పెట్టుకున్నాక తర్వాతి నెలలో ఆరుగురికి ఆయనే సరే అన్నాడు.

మీ పనుల షీట్ తయారయ్యాక, కస్టమర్ పేర్లు తీసేసి, ఎటూ తేలని వరుసలు ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా సపోర్ట్ టీమ్‌లో రాత్రి షిఫ్ట్ ఉందా లేదా చెప్పండి. ఉంటే క్యాబ్ ఒప్పందం కూడా ఇదే నెలలో మార్చుకోవాల్సి ఉంటుంది.